షట్టర్ లెక్క

తొమ్మిదో తరగతి సగంలో నేను బడి మానేసినప్పుడు బాధపడింది ఒక్కటే, చివరి బెంచీ వెనక గోడ. నా తల నూనె తాగీ తాగీ దాని మీద నల్లటి మచ్చ పడింది. మాస్టార్లు నా హాజరు పుస్తకంలో చూసేవాళ్లు కాదు, మచ్చకు ముందు తల ఉందా లేదా అని చూసేవాళ్లు. లెక్కల మాస్టారు ఎదురైతే ఈ రోజుకీ రోడ్డు దాటి అవతలి పక్కకు పోతాను. అలాంటి నన్ను ఒక బెంగళూరు కంపెనీ ఆవిడ ఫోన్‌ చేసి లెక్క అడిగింది.

"వారానికి ఎన్ని గంటలు మా పనికి ఇవ్వగలరు?"

"నలభై" అన్నాను. ఊపిరి కూడా తీసుకోలేదు.

ఆ నలభై ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. బడి మానేసిన నన్ను కర్నూల్లో ఒక ఫ్లెక్సీ షాపులో చేర్చారు. పన్నెండేళ్లు అక్కడే బొమ్మలు అతికించాను, అక్షరాలు దిద్దాను. జీతం షట్టర్‌ లెక్క. పొద్దున తొమ్మిదికి షట్టర్‌ లేస్తే పని మొదలు, రాత్రి ఎనిమిదికి దిగితే పని ఆఖరు. మధ్యలో నువ్వు ఫ్లెక్సీ చేశావా, టీ తాగావా, ఓనరు కొడుకు చెప్పులు కుట్టించుకొచ్చావా, ఎవరికీ పట్టదు. షట్టర్‌ పైకి ఉంటే నువ్వు పనిలో ఉన్నట్టే. నాలుగేళ్ల కిందట ఆ షాపు వదిలి, ఒక మేడ మీద రేకుల గది అద్దెకు తీసుకుని సొంతంగా బొమ్మలు వేయడం మొదలుపెట్టినా నా తలలో షట్టర్‌ మాత్రం దిగలేదు. రోజుకు పదకొండు గంటలు, ఆరు రోజులు, అరవై ఆరు. అందులో ఇరవై ఆరు గంటలు వదిలేసి నలభై చెప్పాను కదా, ఎంత జాగ్రత్తపరుణ్ణి అనుకున్నాను. నా భుజం నేనే తట్టుకున్నాను.

పని కూడా నన్ను వెక్కిరించడానికే వచ్చినట్టుంది. పిల్లల పాఠాల వీడియోలకు బొమ్మలు వేయాలి. ఆకు లోపల ఏముంటుంది, గుండె రక్తాన్ని ఎటు తోస్తుంది, భూమి ఎట్లా తిరుగుతుంది. నేను పారిపోయిన పాఠాలే, ఇరవై. వేటాడి వెంటాడి మేడ మీదికి వచ్చాయి. పన్నెండు వారాల్లో ఇరవై పాఠాలు ఇచ్చెయ్యాలి. వరుసగా రెండు వారాలు గంటలు తక్కువ పడితే ఒప్పందం రద్దు. ముందు ఒక వారం పరీక్ష, దానికి డబ్బులు ఇస్తారు. అది బాగుంటే సోమవారం ఒప్పందం మీద సంతకం.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. అసలు సంగతి నా భార్యది.

ఆమె కడపలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. అవును, లెక్కల టీచరే. రోడ్డు దాటి పారిపోయి పారిపోయి చివరికి ఇంట్లోకే తెచ్చుకున్నాను. పెళ్లయి మూడేళ్లు. ఆమె కడపలో వాళ్ల అక్క ఇంటి పైగదిలో, నేను కర్నూల్లో. కర్నూల్లో నాకు పని ఇచ్చే ఒక కోచింగ్‌ సెంటరూ ఒక బట్టల షాపూ ఉన్నాయి. బయటి పని తక్కువైన వారాల్లో నాకు అన్నం పెట్టేది అవే. వాళ్లకు ఫోన్లో పని జరగదు, వచ్చి పక్కన కూర్చోవాలి. అందుకని ఊరు వదల్లేను. ఆదివారం పొద్దున బస్సెక్కి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప పోయి, సాయంత్రం అదే దారిన వెనక్కి వస్తాను.

నలభై గంటల మాట విన్న రోజు ఆమె ఫోన్లోనే ఇంటి ఖర్చులు కూడింది. తర్వాత మెల్లగా అంది.

"వారానికి నలభై గంటల పని ఖాయంగా ఉంటే నా జీతం లేకున్నా జరుగుతాదప్పా. వచ్చే సోమవారం రాజీనామా ఇస్తా. ఆ రోజు దాటితే మళ్లీ ఏడాదికే విడుస్తారు వీళ్లు. నేను కర్నూలు వచ్చేస్తా."

"రా రా. ఈడ వంటకు మనిషి లేక శానా చిక్కిపోయినా" అన్నాను.

"నేను వంటకు రావడం ల్యా, నీ లెక్కలు సరిచూడ్డానికి వస్తాండా" అంది నవ్వుతూ.

పరీక్ష వారం మొదలైంది. కంపెనీ వాళ్లు కంప్యూటర్లో ఒక గడియారం పెట్టించారు. వాళ్ల బొమ్మ గీసేటప్పుడు నొక్కితే నడుస్తుంది, ఆపితే ఆగుతుంది. సోమవారం ఉత్సాహంగా నొక్కాను. అరగంటకు వాళ్ల మీటింగు. గడియారం ఆపాను. మీటింగు అయింది, ఫైళ్లు రావాలన్నారు. అవి వచ్చేసరికి పదకొండు. మళ్లీ నొక్కాను. కరెంటు పోయింది. కరెంటు వచ్చేసరికి కోచింగ్‌ సెంటరు ఓనరు మెట్లెక్కి వచ్చి నా పక్కన కుర్చీ లాక్కున్నాడు. ఆయనకు తన ఫోటో పెద్దదిగా కావాలి, పిల్లల ఫోటోలు చిన్నవిగా కావాలి, ర్యాంకులు ఇంకా పెద్దవిగా కావాలి.

"నా మొకం ఇంకొంచెం పెంచప్పా."

"ఇంకా పెంచితే మీసం పక్క వీధిలోకి పోతాది సార్‌" అన్నాను.

"పోనీలే, ఆడ గూడా మనోళ్లే ఉండారు" అన్నాడు. గంటన్నర కూర్చున్నాడు. షాపులో ఉన్నప్పుడు ఇలాంటి గంటన్నరకు ఓనరు జీతం ఇచ్చేవాడు. ఇక్కడ ఓనరును నేనే. నాకు జీతం ఇచ్చేవాళ్లు లేరు. ఆ సంగతి నాలుగేళ్లలో ఆ రోజే తెలిసింది, గడియారం ఆగిపోయి కనిపించడం వల్ల.

సోమవారం ఎనిమిదికి చూసుకుంటే మూడు గంటల చిల్లర. మంగళవారం రెండున్నర. బుధవారం సాయంత్రానికి మొత్తం కలిపి తొమ్మిది కూడా నిండలేదు. మూడు రోజులకు ఇరవై ఉండాలి.

నవ్వులాటకు అలవాటుపడ్డ మనిషికి భయం వస్తే అది ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. ముందు జోకు వస్తుంది, నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. రేకుల కింద అంత వేడిలోనూ అరచేతులు చల్లబడ్డాయి. మౌసు తడిసి జారుతోంది. నాకు కనిపిస్తోంది కంపెనీ కాదు, కడపలో ఒక హ్యాండ్‌బ్యాగు. దాంట్లో మడిచి పెట్టిన రాజీనామా కాగితం. ఆమె ఉద్యోగం వదిలేసి వస్తుంది, రెండు వారాలకు ఈ పని పోతుంది, ఆ తర్వాత మేమిద్దరం ఈ రేకుల కింద ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటాం. నిజం చెబితే మూడేళ్లుగా ఎదురు చూస్తున్న మనిషి ఏమవుతుంది? చెప్పకపోతే ఇంకేమవుతుంది? రెండు పక్కలా గుంతే.

ప్రొద్దుటూరులో నాకు తెలిసిన ఒక అన్న ఉన్నాడు. పుస్తకాలకు పేజీలు దిద్దే పని ఇంట్లోనే కూర్చుని చేస్తాడు, పదిహేనేళ్లుగా. ఆయనకు ఫోన్‌ చేశాను.

"అన్నా, నేను సోమరినైపోయినానేమో చూడన్నా. పొద్దున్నుంచి కుర్చీ దిగలేదు, మూడు గంటల పని గూడా తేలలేదు."

"ఎన్ని గంటలు చెప్పినావురా వాళ్లకు?"

"నలభై."

ఆయన గట్టిగా నవ్వాడు. నాకు ఏడుపు వచ్చింది.

"నువ్వు గంటలు చెప్పినావా, షట్టర్‌ చెప్పినావా?" అన్నాడు. ఆయన కూడా ఒకప్పుడు ప్రెస్సులో పనిచేసిన మనిషే. "ఇట్ల చెయ్‌. శనివారం దాకా వాళ్ల గడియారం ఒక్కటే కాదు, అన్నీ రాయి. తిన్నది, మాట్లాడింది, ఊరికే కూర్చున్నది. ఏదీ దాయొద్దు. ఎవురికీ చూపించొద్దులే, నువ్వు చూడు సాలు."

సోమ, మంగళవారాలవి ఫోన్‌ చూసి, ఫైళ్లు చూసి గుర్తు తెచ్చుకుని రాశాను. మిగతా రోజులవి అప్పటికప్పుడే రాశాను. శనివారం షట్టర్‌ దిగే వేళకు, అంటే నేను కుర్చీలోంచి లేచే వేళకు, పాత పెళ్లికార్డు వెనకాల లెక్క తేలింది. అరవై ఆరు గంటల్లో తిండికీ టీకీ ఒంటికీ పోయినవి పన్నెండు. కంపెనీ మీటింగులు ఐదు. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నవాళ్లకు ఏడు. రేట్లు చెప్పడం, బిల్లులు రాయడం, డబ్బులు అడగడం, ఫైళ్లకు పేర్లు పెట్టి పంపడం ఆరు. వాళ్లు సరే అనేదాకా ఎదురుచూసి, మళ్లీ ఎక్కడ వదిలానో వెతుక్కున్నది నాలుగు. కరెంటు, నెట్టు మూడు. కొత్త పని కోసం ఊరికే గీసి పంపిన నమూనాలు మూడు. డబ్బులు అడగలేని దిద్దుబాట్లు నాలుగు. అన్నీ పోగా ఇరవై రెండు. ఆ ఇరవై రెండులో కోచింగ్‌ సెంటరు, బట్టల షాపు పని నాలుగు. కంపెనీకి వెళ్లింది పద్దెనిమిది.

నలభై చెప్పి, పద్దెనిమిది.

అన్నకు మళ్లీ ఫోన్‌ చేశాను. లెక్క మొత్తం చదివి వినిపించాను.

"ఒక్క వారం చూసి చెప్పొద్దురా. మంచి వారమో చెడ్డ వారమో నీకేం ఎరుక? ఎనకటి మూడు వారాలు గూడా తియ్యి. ఫైళ్లు యా టయానికి తెరిచినావో, యా టయానికి మూసినావో కంప్యూటర్లోనే ఉంటాది గదా."

తీశాను. పదిహేడు, ఇరవై మూడు, పద్దెనిమిది. ఈ వారం ఇరవై రెండు. మొత్తం ఎనభై, నాలుగు వారాలు. ఈ భాగహారం గోడకు ఆనుకుని నిద్రపోయినవాడికి కూడా వస్తుంది, ఇరవై.

"అది పని ఉన్న వారం లెక్క" అన్నాడు అన్న. "ఎవురికైనా మాట ఇయ్యాలంటే అది సూడు. ఇంట్లో బియ్యం కొనే లెక్క వేరే ఉండాది. పోయిన ఏడాది పని లేకుండా ఎన్ని వారాలు కూచున్నావు? జ్వరాలు, పెండ్లిండ్లు, చావులు, పండగలు ఎన్ని? అవి గూడా తీసెయ్‌. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. ఆ ఖాళీ వారాలను కంపెనీకి చెప్పే లెక్కలో కలపొద్దు. అవి వాళ్లవి కావు. అవి నీవి, నీ పెండ్లాంవి."

చివరి మాట దగ్గర పెళ్లికార్డు తీసి జేబులో పెట్టుకున్నాను.

ఆదివారం తెల్లవారుతూనే బస్సెక్కాను. కిటికీ పక్క సీటు. మామూలుగా ఆళ్లగడ్డ వచ్చేదాకా నిద్రపోతాను. ఆ రోజు కన్ను మూతపడలేదు. ఎలా చెప్పాలో మనసులో మాటల వరుసలు కట్టుకున్నాను. ప్రతి వరుసా జోకుగానే మొదలవుతోంది. ఆమెకు నా జోకులు తెలుసు. జోకుగా చెబితే జోకనే అనుకుంటుంది, రేపు పొద్దున కాగితం ఇచ్చేస్తుంది. జీవితంలో మొదటిసారి జోకు లేకుండా ఒక మాట చెప్పాలి. మైదుకూరు దగ్గర దిగి వెనక్కి పోదామా అని కూడా అనిపించింది. దిగలేదు. ధైర్యం కాదు, కాళ్లు ఆడలేదు.

ఆమె మంచం మీద పాత చీరలు మడిచి సంచిలో సర్దుతోంది. వాటిని చూడగానే నేను కట్టుకున్న వరుసలన్నీ పోయాయి.

"నలభై కాదు" అన్నాను. "నలభై నా దగ్గర ల్యా."

ఆమె నవ్వింది. "ఏంది, మళ్లీ మొదలుపెట్టినావా?"

"జోకు కాదు."

ఆమె చీర మడవడం ఆపింది. నేను పెళ్లికార్డు తీసి ఇచ్చాను. దాని మీద ఎవరో వధూవరుల పేర్లు బంగారు రంగులో ఒకవైపు, నా గంటలు ఇంకోవైపు. ఆమె టీచర్ల పద్ధతిలో, పై నుంచి కిందికి, వేలు పెట్టి చదివింది. ఆ వేలు ఒక్కో వరుస దిగుతుంటే నాకు తొమ్మిదో తరగతి గుర్తొచ్చింది. ఎప్పుడు చేయి చాపమంటారో అని ఎదురుచూస్తున్నట్టుంది.

"కూడిక సరిగ్గానే ఉండాదే" అంది చివరికి. ఆశ్చర్యపోయింది, కోప్పడలేదు. దాంతో నాకు ఇంకా భయం వేసింది. "మరి పని లేని వారాలు యాడ ఉన్నాయి?"

"అవి నీతో కలిసి లెక్కేద్దామని."

హ్యాండ్‌బ్యాగు తెరిచి, మడిచిన కాగితం తీసింది. అదే కాగితం. తిప్పి, ఖాళీగా ఉన్న వెనకవైపు పెన్ను పెట్టింది. నా ఫోన్లో బిల్లులు, మెసేజులు ఒక్కో నెలా చదువుతూ ఇద్దరం గుర్తు తెచ్చుకున్నాం. పండగలు, నాకు వచ్చిన జ్వరం, వాళ్ల మామ చావు, మా వాళ్ల పెళ్లి, అన్నీ కలిపి ఏడు వారాలు. ఒక పని అయిపోయి ఇంకోటి రాక, వచ్చినా "మొదలుపెట్టండి" అనే మాట రాక, ఊరికే కూర్చున్నవి తొమ్మిది. యాభై రెండులో పదహారు పోతే ముప్పై ఆరు. ముప్పై ఆరు వారాలు, వారానికి ఇరవై గంటలు, ఏడువందల ఇరవై. దాన్ని మళ్లీ యాభై రెండుకు పంచింది.

"పద్నాలుగు గూడా నిండలేదు" అంది.

సంచిలో సగం సర్దిన చీరలు మమ్మల్ని చూస్తున్నట్టే ఉన్నాయి. నాకు ఏదో ఒకటి అనాలని ఉంది, నవ్వించాలని ఉంది. సంచి అంచున జారిన చీరను లోపలికి తోశాను.

"ఈ పన్నెండు వారాలు ఇంతకంటే బాగుంటాది గదా" అని తనే అంది, తనకు తాను చెప్పుకున్నట్టు. ఆ తర్వాత తనే జవాబు చెప్పుకుంది. "పన్నెండు వారాలు అయిపోతే మళ్లీ ఖాళీనే గదా. నా జీతం వదులుకుంటే పద్నాలుగు గంటల మీద ఇల్లు నిలబడదు."

కాగితాన్ని మళ్లీ బ్యాగులో పెట్టలేదు. టేబుల్‌ మీద, వెనకవైపు పైకి ఉండేటట్టు పెట్టింది. ఆ మధ్యాహ్నం వాళ్ల అక్క కింద నుంచి "ఎప్పుడు పోతాండారే కర్నూలుకు?" అని కేకేస్తే, "చూస్తామక్కా" అంది, కిందికి దిగలేదు. సాయంత్రం బస్సుకు నేను పోలేదు. కంపెనీకి ఫోన్‌ చేసి నిజం చెప్పాల్సి ఉంది. ఒక్కణ్ణే చెబితే మళ్లీ నలభై అనేస్తానేమో అని నా మీద నాకే నమ్మకం లేదు. ఆ మాటే ఆమెతో అంటే, "నేను పక్కన కూచుంటాలే, కోచింగ్‌ సెంటరాయన మాదిరి" అంది. ఆ రోజంతా ఆమె అన్న ఒకే ఒక్క జోకు అది.

సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు, ఆమె బడికి తయారై పక్కన నిలబడి ఉండగా, బెంగళూరు మేడంకు ఫోన్‌ చేశాను.

"మేడం, పోయిన వారం మీ గడియారంలో పద్దెనిమిది గంటలు పడింది. నేను నలభై చెప్పాను. తప్పు చెప్పాను. నాలుగు వారాలది చూసుకుంటే నాకు మొత్తం ఇరవై తేలుతోంది. నాలుగు గంటలు వేరేవాళ్లవి. మీకు పదహారు ఇవ్వగలను. అంతకంటే ఒక్క గంట కూడా చెప్పలేను."

అవతల కీబోర్డు టకటక వినిపించింది. మేడం రద్దు చేస్తోందనే అనుకున్నాను. నా భార్య గడియారం వైపు చూసింది, నా వైపు చూసింది. టేబుల్‌ మీది కాగితం ఫ్యాను గాలికి కొంచెం లేచి పడింది.

"నలభై వారానికి, పన్నెండు వారాలు, నాలుగువందల ఎనభై అని నేను ప్లాన్‌ వేశాను" అంది మేడం. గొంతులో కోపం లేదు, స్నేహం కూడా లేదు. "మీ పదహారుకు నూట తొంభై రెండు వస్తుంది. ఇరవై పాఠాలు మీకు ఇవ్వలేను. ఎనిమిది ఇస్తాను. మిగతా పన్నెండు వేరేవాళ్లను చూసుకుంటాను. ఒప్పందంలో పదహారే రాస్తాను. రెండు వారాల షరతు మాత్రం అలాగే ఉంటుంది. సరేనా?"

"సరే మేడం" అన్నాను. ఫోన్ పెట్టేసి మంచం మీద కూర్చున్నాను.

నా భార్య బ్యాగు భుజానికి తగిలించుకుంది. టేబుల్‌ మీద కాగితం అక్కడే వదిలేసి బడికి వెళ్లింది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు చివరి మెట్టుదాకా విన్నాను. తగ్గిన పన్నెండు పాఠాల సంగతి కాదు, ఆ చప్పుడే ఇప్పటికీ గుర్తు. ఇంకో ఏడాది ఆమె అదే మెట్లు దిగాలి.

ఎనిమిది పాఠాలూ టైముకు ఇచ్చాను. పన్నెండు వారాల్లో రెండుసార్లు గడియారం పద్నాలుగు దగ్గరే ఆగింది. అదృష్టవశాత్తూ అవి వరుస వారాలు కావు. నా పక్కనుండే కుర్చీ తీసి మెట్ల కింద పెట్టేశాను. కోచింగ్‌ సెంటరాయన ఇప్పుడు నిలబడే తన మొహం పెంచమంటున్నాడు, అందుకని ముప్పావు గంటలోనే పెంచి పంపిస్తున్నాను.

పని అయిపోయిన తర్వాతి ఆదివారం, కడపలో అదే గదిలో భోజనం చేస్తుండగా నాకు పాత నోరు మళ్లీ వచ్చింది.

"పాపం, నలభై గంటలోడు అనుకుని చేసుకుంటివి. తీరా తీసేసి చూస్తే పద్నాలుగోడు తేలినాడు. మోసపోతివి గదా" అన్నాను.

ఆమె నా పళ్లెంలో ఇంకో ముద్ద పెట్టింది.

"పొద్దున పదికి వస్తావు, సాయంత్రం ఐదు బస్సుకు పోతావు. ఏడు గంటలు. బస్సు అలసటకు నిద్ర రెండు, తిండికి ఒకటి, ఫోనుకు ఒకటి. నాకు తేలేది మూడే. నీకు ఇప్పుడు తెలిసిన లెక్క నేను పెళ్లయిన మొదటి వారమే వేసుకున్నా. ఎప్పుడన్నా బిల్లు పంపినానా?"